స్టాప్ కొట్టేశాక తిరిగే ధర: మా మేనల్లుడి ట్రేడులు విప్పి చూసిన అనుభవం

"స్టాప్ లాస్ పెట్టకపోతే పెట్టలేదంటారు, పెడితే సరిగ్గా దాన్ని తాకి అక్కడి నుంచే పైకి పోతోంది మావయ్యా. ఎవరో నా ఆర్డర్ చూసి మరీ కొడుతున్నట్టుంది" అన్నాడు మా మేనల్లుడు. స్టాప్ లాస్ అంటే, ధర మనం ముందే చెప్పిన అంకెకి పడితే ఇక నష్టం పెరగకుండా షేర్లు అమ్మేయమని పెట్టే ఆర్డర్. చార్టులు చూడటం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరి దగ్గరా ఇదే మాట విన్నాను. "స్టాప్ కాస్త దూరంగా పెట్టుకో" అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయొచ్చు గానీ, ఆ సలహాతో డబ్బు ఇంకా తొందరగా పోతుంది. అందుకే బ్రోకర్ యాప్‌లోంచి గత కొన్ని నెలల ట్రేడ్ బుక్ డౌన్‌లోడ్ చేసి తీసుకురమ్మన్నాను. కొన్ని సాయంత్రాలు ఇద్దరం కూర్చుని స్టాప్ తగిలిన ట్రేడులన్నీ ఒక్కొక్కటిగా చార్టు మీద పెట్టి చూశాం.

ముందు వాడి అనుమానం సంగతి. ఎన్ఎస్ఈలో స్టాప్ లాస్ ఆర్డర్ వేస్తే అది ట్రిగ్గర్ అయ్యేవరకు స్టాప్ లాస్ బుక్‌లో విడిగా ఉంటుంది. స్క్రీన్ మీద మనకు కనిపించే ఐదు బిడ్లు, ఐదు ఆఫర్ల డెప్త్‌లో అది ఉండదు. చివరిగా ట్రేడ్ అయిన ధర మన ట్రిగ్గర్‌ని తాకినప్పుడే అది మామూలు ఆర్డర్‌గా మారి మార్కెట్లోకి వస్తుంది. కాబట్టి వీడి నాలుగు వందల షేర్ల స్టాప్‌ని అవతల ఎవరూ చూడటం లేదు. అయితే చూడాల్సిన అవసరం కూడా ఎవరికీ లేదు. నిన్నటి లో, అంటే నిన్న తాకిన అతి తక్కువ ధర, దాని కింద, గుండ్రటి అంకె కింద, పొద్దుటి నుంచి రెండుసార్లు నిలబడిన చోటు కింద స్టాప్‌లు గుంపుగా ఉంటాయని చార్టు తెరిచిన వాళ్లందరికీ తెలుసు. పెద్ద మొత్తంలో కొనాల్సిన వాళ్లకి అంత మంది అమ్మేవాళ్లు ఒకేసారి దొరికేది అక్కడే. కొనుక్కున్న వాళ్ల స్టాప్‌లు ట్రిగ్గర్ అయితే అవన్నీ అమ్మకాలే కదా.

ఇక ట్రేడ్ బుక్. ప్రతి స్టాప్ పక్కన మూడు సంగతులు రాయమన్నాను. స్టాప్ దాటాక ధర ఇంకెంత కిందికి వెళ్లింది, ఆ సమయానికి పదిహేను నిమిషాల చార్టులో ఏటీఆర్ ఎంత ఉంది, మధ్యాహ్నం మూడు గంటలకి ధర ఎక్కడుంది. చార్టులో ఒక్కో పావుగంట కదలికని ఒక్కో కొవ్వొత్తిగా గీస్తారు, ఏటీఆర్ అంటే సగటున ఒక్కో కొవ్వొత్తి ఎంత దూరం కదులుతోందో చెప్పే కొలత. వెల్స్ వైల్డర్ 1978లో ప్రవేశపెట్టింది. ముందు కొవ్వొత్తి ముగింపు నుంచి వచ్చిన గ్యాప్‌ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. చాలా చార్టు సాఫ్ట్‌వేర్లలో మామూలుగా 14 కొవ్వొత్తుల సగటు చూపిస్తుంది, దాన్ని మార్చనక్కర్లేదు.

పట్టిక నిండుతున్నకొద్దీ మొదట బయటపడింది వాడి జ్ఞాపకం గురించిన విషయం. "దాదాపు అన్నీ తిరిగాయి" అని వాడు గట్టిగా నమ్మాడు. పట్టికలో చూస్తే తిరిగి పైకి వెళ్లినవి సుమారు మూడో వంతు. మిగతావి స్టాప్ తగిలాక అక్కడక్కడే ఊగాయి, లేదా ఇంకా కిందికి పడ్డాయి. స్టాప్ తగిలి ఇంకా పడిపోయిన ట్రేడుని ఎవరూ గుర్తుపెట్టుకోరు, బయటపడ్డాం అనుకుని వేరే చార్టుకి వెళ్లిపోతారు. తిరిగిన ట్రేడు మాత్రం రాత్రి పడుకున్నా కళ్లముందే ఉంటుంది. అందుకే స్టాప్ దూరం పెట్టుకోమనే సలహా ప్రమాదం అంటాను. తిరిగిన మూడో వంతుని కాపాడుకోవడానికి, తిరగని మిగతా అన్నింటిలో ఎక్కువ నష్టం కట్టాల్సి వస్తుంది.

రెండోది ఆ మూడో వంతులోనే కనిపించింది. తిరిగిన వాటిలో చాలా వరకు ధర స్టాప్ దాటి పోయిన దూరం పదిహేను నిమిషాల ఏటీఆర్ కంటే తక్కువే. అంటే ఆ షేరు మామూలుగా పావుగంటలో ఊగే ఊగిసలాట లోపలే వీడి స్టాప్ కూర్చుని ఉంది. అక్కడ ఎవరి కుట్రా లేకపోయినా తగలాల్సిందే.

వాటిలో ఒక ట్రేడుని పూర్తిగా చెప్తాను. ఒక బ్యాంకు షేరు. నిన్నటి లో 632.10. ఉదయం అక్కడికి దగ్గరగా వచ్చి పైకి లేచింది. మనవాడు సపోర్ట్ తీసుకుందని 636 దగ్గర ఇంట్రాడేలో 400 షేర్లు కొన్నాడు. స్టాప్ 631.50 దగ్గర, అంటే నిన్నటి లో కంటే 60 పైసలు కింద. ఆ సమయానికి అయిదు నిమిషాల ఏటీఆర్ సుమారు రూపాయి అరవై పైసలు, పదిహేను నిమిషాలది 2 రూపాయల 80 పైసలు. ఒక్క అయిదు నిమిషాల కొవ్వొత్తి సగటు కదలికలో సగం కూడా లేదు వాడు వదిలిన జాగా.

11.35కి మొదలైన కొవ్వొత్తిలో ధర 632 కిందికి జారింది. జారగానే వరసగా స్టాప్‌లు ట్రిగ్గర్ అయ్యాయి. ఆ అమ్మకాలు కింద ఉన్న కొద్దిపాటి బిడ్లని తినేశాయి, ధర ఇంకా జారింది, ఇంకొన్ని స్టాప్‌లు లేచాయి. మనవాడి 400 షేర్లు సగటున 631.20కి అమ్ముడయ్యాయి. ధర 629.80 దాకా వెళ్లి, అదే కొవ్వొత్తిలో వెనక్కి లేచి 632.90 దగ్గర ముగిసింది. ఆ కొవ్వొత్తి వాల్యూమ్ ముందువాటి సగటుకి దాదాపు మూడు రెట్లు. రెండు గంటలకల్లా షేరు 643. మనవాడికి 1,920 రూపాయల నష్టం, బ్రోకరేజి కాకుండా.

"60 పైసలే ఎందుకు వదిలావు?" అని అడిగాను. వాడి జవాబులోనే అసలు రోగం ఉంది. "రోజుకి రెండు వేలకి మించి పోకూడదని రూల్ పెట్టుకున్నా మావయ్యా. 400 షేర్లకి అయిదు రూపాయల లోపే కుదురుతుంది." మరి 400 ఎక్కడి నుంచి వచ్చాయని అడిగితే, ఖాతాలో 52 వేలున్నాయి, ఇంట్రాడేకి అయిదు రెట్లు వస్తుంది, అంతకి వచ్చేవి అన్ని అన్నాడు. అంటే షేర్ల సంఖ్యని మార్జిన్ నిర్ణయించింది, స్టాప్ ఎక్కడుండాలో ఆ సంఖ్య నిర్ణయించింది. చార్టుకి ఇందులో చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. పైగా రెండు వేలంటే వాడి డబ్బులో దాదాపు నాలుగు శాతం. అలాంటివి వరసగా నాలుగైదు తగిలితే టెన్షన్‌తో ఆరో ట్రేడు సరిగ్గా తీసుకునే మనిషి ఉండడు.

లెక్క అటునుంచి ఇటు మొదలుపెట్టాం. మొదటి ప్రశ్న: ధర ఎక్కడికి వెళ్తే నా ఊహ తప్పని ఒప్పుకుంటాను? నిన్నటి లో దగ్గర కొనేవాళ్లున్నారన్నది ఊహ. ధర మామూలు ఊగిసలాటకి మించి ఆ లో కిందికి వెళ్తే ఊహ తప్పు. మామూలు ఊగిసలాట ఎంతో పట్టిక చెప్పింది, ఒక పదిహేను నిమిషాల ఏటీఆర్. 632.10లోంచి 2.80 తీస్తే 629.30. కొన్న ధర 636 నుంచి అక్కడికి 6 రూపాయల 70 పైసలు. ఒక ట్రేడుకి ఖాతాలో ఒక శాతం, అంటే సుమారు 500 రూపాయలే పెడదామనుకున్నాం. 500ని 6.70తో భాగిస్తే 74 షేర్లు. నాలుగు వందల షేర్లు కొన్నవాడికి 74 అంటే ముఖం వాడిపోయింది. ఆ స్టాప్ ఆ రోజు నిలిచేది, 629.80 వరకే వచ్చింది కాబట్టి. 643 దగ్గర అమ్మితే 518 రూపాయలు వచ్చేవి.

కానీ ఇక్కడ ఆగిపోతే సగమే చెప్పినట్టు. 500 పెట్టి 518 తెచ్చుకోవడం మంచి బేరం కాదు, ఖర్చులు పోతే మిగిలేది ఇంకా తక్కువ. స్టాప్ సరైన చోట పెట్టినప్పుడే ఎంట్రీ ఎంత ఆలస్యంగా, ఎంత ఎత్తున జరిగిందో కనిపిస్తుంది. వాడు సపోర్ట్‌కి దాదాపు నాలుగు రూపాయలు ఎత్తున కొన్నాడు, అప్పటికింకా కింది స్టాప్‌లు అలాగే ఉన్నాయి. స్టాప్ ఇరుగ్గా పెట్టడం వల్లే ఇన్నాళ్లూ ఆ ఎంట్రీ బాగున్నట్టు అనిపించింది.

అందుకే వాడికి రెండో దారి చూపించాను. నేను ఎక్కువగా నడిచే దారి అది. నిన్నటి లో లాంటి అందరికీ తెలిసిన చోటు కనిపిస్తే, దాని పైన కొనకుండా, ధర దాని కిందికి వెళ్లేదాకా చూస్తూ కూర్చుంటాను. ఇతరుల స్టాప్‌లు తగిలే క్షణంలో కూడా కొనను. అయిదు నిమిషాల కొవ్వొత్తి ఆ చోటుకి పైన ముగియాలి. అదే బ్యాంకు షేరులో 11.35 కొవ్వొత్తి 632.90 దగ్గర ముగిసింది, అంటే 632.10 పైకి తిరిగొచ్చింది. 11.40కి తర్వాతి కొవ్వొత్తి మొదలయ్యాక 633.20 దగ్గర కొనొచ్చు. ఇప్పుడు ఊహ తప్పయ్యే చోటు 629.80 కింద. దానికీ ఒక అయిదు నిమిషాల ఏటీఆర్ వదిలితే 628.20. దూరం 5 రూపాయలు, 500కి వంద షేర్లు. 643 దగ్గర లాభం 980. స్టాప్ ఇంకా కిందికి పోయింది, అయినా కొన్నది తక్కువ ధరకి కాబట్టి లెక్క మెరుగైంది.

ఈ దారికి పెట్టాల్సిన ఖర్చు ఒకటుంది. చాలాసార్లు ధర ఆ చోటు కిందికి వెళ్లకుండానే పైకి పోతుంది. ఆ ట్రేడు మనది కాదు. మనవాడికి ఇదే అన్నిటికంటే కష్టమైంది. 636 నుంచి 643కి ఖాళీ చేతులతో చూడటం వాడి వల్ల కాలేదు, మధ్యలో 639 దగ్గర దూకేవాడు. అలా దూకిన వాటిని పట్టికలో వేరే రంగులో రాయించాను. కొన్ని వారాలకి ఆ రంగు వరసల్లో మొత్తం ఎంత పోయిందో వాడే కూడుకున్నాడు, నేను మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇంకో ఖర్చు: కిందికి వెళ్లి పైకి తిరిగిన ప్రతిదీ నిలబడదు. ఒక మెటల్ షేరులో సరిగ్గా ఇలాగే అయింది. నిన్నటి లో కిందికి వెళ్లింది, కొవ్వొత్తి కొద్దిపాటి పైసలతో పైన ముగిసింది, మనవాడు పాఠం గుర్తుంచుకుని కొన్నాడు, గంట తిరక్కుండా స్టాప్ తగిలింది. ఆ రెండు చార్టులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాం. బ్యాంకు షేరు కొవ్వొత్తి దాని మొత్తం పొడవులో పై అంచుకి దగ్గరగా ముగిసింది, మెటల్ షేరుది నడుమ ముగిసింది. బ్యాంకు షేరులో వాల్యూమ్ మూడు రెట్లు, అంటే అక్కడ నిజంగా చేతులు మారాయి. మెటల్ షేరులో వాల్యూమ్ మామూలుగానే ఉంది, అమ్మేవాళ్లింకా అమ్మడం పూర్తి చేయలేదు. బ్యాంకు షేరు తర్వాతి కొవ్వొత్తి ముందుదాని సగం కంటే కిందికి దిగలేదు. మెటల్ షేరు తర్వాతి కొవ్వొత్తి ముందుదాని హై కూడా అందుకోలేకపోయింది.

నా దృష్టిలో వీటన్నింటికంటే పెద్ద తేడా షేరు చార్టులో లేదు. బ్యాంకు షేరు తన నిన్నటి లో విరిచిన సమయానికి నిఫ్టీ కానీ బ్యాంక్ నిఫ్టీ కానీ తమ నిన్నటి లో దరిదాపుల్లో లేవు. ఒక్క షేరు మాత్రమే కిందికి తొంగిచూసింది, ఆ షేరు దగ్గరున్న స్టాప్‌లు మాత్రమే లేచాయి. మెటల్ షేరు రోజున మెటల్ ఇండెక్స్ మొత్తం ఆ రోజు అంతకుముందు తాకిన లో కిందికి వెళ్లి కొత్త లో చేస్తోంది. అది స్టాప్‌ల కోసం జరిగిన జారుడు కాదు, ఆ రంగంలో అందరూ అమ్ముతున్నారు. అప్పటి నుంచి మనవాడు రెండో విండోలో ఇండెక్స్ పెట్టుకోకుండా ఎంట్రీ తీసుకోవడం మానేశాడు. ఒక్క అలవాటే పట్టుకోమంటే నేనూ దాన్నే పట్టుకోమంటాను.

పట్టికలో ఇంకో రకం స్టాప్‌లు కూడా ఉన్నాయి, వాటి మందు వేరు. ధర కొంచెం లాభంలోకి రాగానే మనవాడు స్టాప్‌ని కొన్న ధరకి జరిపేవాడు, ఇక నష్టం రాదు కదా అని. ధర వెనక్కి వచ్చి సరిగ్గా ఆ ధర తాకి మళ్లీ వెళ్లిపోయేది. మనం ఎంతకి కొన్నామో మార్కెట్‌కి సంబంధం లేని సంగతి, చార్టులో ఆ అంకెకి ఏ బలమూ లేదు. నేను స్టాప్ జరిపేది చార్టులో కొత్త లో ఏర్పడ్డాక మాత్రమే: ధర పైకి వెళ్లి, వెనక్కి తగ్గి, మళ్లీ ముందు హై దాటితే, ఆ తగ్గిన చోటు కిందికి. 633.20 దగ్గర కొన్న ట్రేడులో అలాంటి చోటు 636కి కాస్త కింద ఏర్పడింది, షేరు 640 దాటాక. అంతవరకు 628.20 కదపాల్సిన పని లేదు.

ఆర్డర్ రకం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మనవాడు మధ్యలో భయపడి ఎస్ఎల్ లిమిట్‌కి మారాడు, అంటే ట్రిగ్గర్ అయినా ఫలానా ధర కంటే తక్కువకి అమ్మొద్దని హద్దు పెట్టే ఆర్డర్‌కి. ట్రిగ్గర్ 628.20, లిమిట్ 628.10 అని పెడితే ధర ఒక్కసారిగా 627.50కి పడినప్పుడు ఆర్డర్ పుస్తకంలో అలాగే నిలబడిపోతుంది, మనం నష్టంలో ఇరుక్కుంటాం. ట్రిగ్గర్‌కి, లిమిట్‌కి మధ్య ఒకటి రెండు రూపాయలైనా తేడా ఉంచాలి, లేదా షేర్లలో ట్రిగ్గర్ కాగానే దొరికిన ధరకి అమ్మేసే ఎస్ఎల్-ఎమ్ వాడాలి. ఆప్షన్లలో 2021 నుంచి ఎన్ఎస్ఈలో ఎస్ఎల్-ఎమ్ లేదు కాబట్టి అక్కడ ఆ తేడా ఇంకా పెద్దగా ఉంచక తప్పదు. అసలు ఆప్షన్ ప్రీమియం చార్టు మీద స్టాప్ గీయడమే నాకు నచ్చదు. బిడ్‌కీ ఆఫర్‌కీ మధ్య దూరం, వోలటిలిటీ, గడిచే సమయం అన్నీ కలిసి ప్రీమియంని ఊపుతాయి, షేరు కదలకుండానే స్టాప్ తగులుతుంది. ఊహ ఎక్కడ తప్పవుతుందో షేరు చార్టులో చూసి, అక్కడికి వచ్చినప్పుడు ఆప్షన్ అమ్మేయాలి. దానికి స్క్రీన్ ముందు కూర్చునే తీరిక కావాలి. ఉద్యోగం చేసుకుంటూ మధ్యలో ఫోన్ చూసే మనవాడికి అది కుదరదని ఆప్షన్లు పక్కన పెట్టించాను.

ఈ లెక్క పనిచేయని రోజులు కొన్ని ఉన్నాయి. కంపెనీ ఫలితాలు మార్కెట్ నడుస్తుండగా వచ్చే రోజు, రిజర్వు బ్యాంకు పాలసీ ప్రకటన సమయం, ఉదయం 9.15 తర్వాత మొదటి పావుగంట. అప్పుడు ఏటీఆర్ చూపించేది జరిగిపోయిన ప్రశాంతతని, రాబోయే కదలిక దానికి ఎన్నో రెట్లు ఉండొచ్చు. ఆ సమయాల్లో లో విరిగి పైకి తిరిగినా నేను దాన్ని నమ్మను. పొజిషన్ రాత్రికి ఉంచుకునేవాళ్లయితే పదిహేను నిమిషాల ఏటీఆర్ బదులు రోజు చార్టు ఏటీఆర్ తీసుకోవాలి. బ్యాంకు షేరులో అది ఆ రోజు సుమారు 13 రూపాయలు. అప్పుడు 500 రూపాయలకి ముప్ఫై ఎనిమిది షేర్లకి మించి రావు, పైగా పొద్దున్నే గ్యాప్‌తో తెరుచుకుంటే స్టాప్ ధరకి అమ్ముడవుతుందన్న భరోసా కూడా లేదు.

ఇప్పుడు మనవాడు ఆర్డర్ వేసే ముందు కాగితం మీద మూడు అంకెలు రాస్తాడు: తప్పయ్యే ధర, అక్కడికి దూరం, దాన్ని బట్టి షేర్ల సంఖ్య. మార్జిన్ ఎంతుందో చూడడు. స్టాప్‌లు ఇప్పటికీ తగులుతున్నాయి. తగిలాక మూడు గంటలకి ధర ఎక్కడుందో రాయడం మాత్రం ఆపొద్దని చెప్పాను, ఎందుకంటే షేరు మారితే, మార్కెట్ వేగం మారితే ఒక ఏటీఆర్ జాగా చాలకపోవచ్చు. అది మొదట తెలిసేది ఆ పట్టికలోనే.